పన్నెండు డబ్బాలకు మూడు పేర్లు: ఒక ఆర్గానిక్ స్కిన్‌కేర్ శ్రేణి కేస్ స్టడీ

పని మా చేతికి వచ్చేసరికి ఉత్పత్తులన్నీ తయారై ఉన్నాయి. పేర్లు కూడా పెట్టేసుకున్నారు. లేబుళ్లు మాత్రం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. "పేర్లు బాగానే ఉన్నాయండీ, కానీ ఎందుకో కలిసిపోతున్నాయి" అన్నారు సంస్థ నడిపే ఆవిడ. ఆ 'ఎందుకో' ఏమిటో తేల్చడమే మా పని.

అంతవరకు సబ్బులు, నూనెలు మాత్రమే అమ్మిన చిన్న సంస్థ అది. ముఖానికి ప్రత్యేకంగా ఒక ఆర్గానిక్ శ్రేణి తేవాలనుకున్నారు. పొడి చర్మం, జిడ్డు చర్మం, సున్నిత చర్మం అని మూడు రకాలు. ఒక్కో రకానికి ఫేస్ వాష్, టోనర్, సీరమ్, క్రీమ్ చొప్పున మొత్తం 12 ఉత్పత్తులు. పన్నెండూ ఒకే కుటుంబమని తెలియాలి కాబట్టి ప్రతి పేరూ 'సు'తో మొదలుపెట్టారు. పొడి చర్మానికి సుమృదు, సుస్నిగ్ధ, సుధార, సురస. జిడ్డు చర్మానికి సుశుద్ధ, సువాయు, సునిర్మల, సులఘు. సున్నిత చర్మానికి సుశాంత, సుశీత, సుకోమల, సురక్ష.

కాగితం మీద చదివితే ముచ్చటగానే ఉన్నాయి. చుట్టరికం కూడా కనిపిస్తోంది. చిక్కల్లా విడిగా ఒక డబ్బా కావలసి వచ్చినప్పుడే. ట్రయల్ ప్యాకులు వాడినవాళ్లు రెండోసారి కావాలని ఫోన్ చేసినప్పుడు ఎవరూ పేరు చెప్పలేకపోయారు. మేము పక్కనే కూర్చుని విన్న ఒక కాల్‌లో ఒకావిడ "అదే అండీ, సు... సుశీ... ఆకుపచ్చ మూత, పంపు ఉంటుంది చూడండి" అన్నారు. ఆకుపచ్చ మూత పంపు సీసాలు రెండు ఉన్నాయి. అవతల ఫోన్ ఎత్తిన అమ్మాయి "పొడి చర్మానిదా, సెన్సిటివ్‌దా?" అని అడిగాకే సంగతి తేలింది.

అంతకంటే పనికొచ్చిన ఆధారం ప్యాకింగ్ గదిలో దొరికింది. అక్కడి కుర్రాడు అట్టపెట్టెల మీద మార్కర్‌తో తన గుర్తులు తాను రాసుకున్నాడు. పొడి చర్మం పెట్టెలకు 'పొ', జిడ్డు చర్మం పెట్టెలకు 'జి'. సున్నిత చర్మం వాటికి 'సె'. 'సు' అని రాస్తే అన్నీ అవే అవుతాయి కాబట్టి సెన్సిటివ్‌లోంచి ఒక అక్షరం తెచ్చుకున్నాడు. పేర్లు పెట్టే పనిలో ఇలాంటి చోట్లు ముందు వెతకాలి. మనం పెట్టిన పేరు పక్కనపెట్టి, రోజూ ఆ వస్తువుతో పనిచేసేవాళ్లు సొంత గుర్తు పెట్టుకున్నారంటే, వాళ్లకు ఏ తేడా అవసరమో ఆ గుర్తే చెప్పేస్తుంది. ఈ కుర్రాడికి అవసరమైంది చర్మం రకం. ఆ పెట్టెలో సీరమ్ ఉందా క్రీమ్ ఉందా అన్నది సీసా చూడగానే తెలుస్తోంది కాబట్టి దానికి గుర్తు పెట్టుకోలేదు.

పేరు మొదట్లోనే తప్పు

మనం ఒక పేరు సగం మరిచిపోయినప్పుడు సాధారణంగా గుర్తుండేది దాని మొదలు, కొంతవరకు చివర. మధ్యభాగం ముందు చెరిగిపోతుంది. 'సు...ఏదో...త' అన్నట్టు మిగులుతుంది. సుశాంత, సుశీత పేర్లలో మొదలూ చివరా ఒకటే. తేడా అంతా జనం మరిచిపోయే మధ్యభాగంలోనే పెట్టారు. అంటే గుర్తుండే చోట పోలిక, గుర్తుండని చోట తేడా. ఇది తిరగబడాలి.

ఆన్‌లైన్‌లో ఇది ఇంకా ముదురుతుంది. ఉత్పత్తుల పట్టికను అక్షర క్రమంలో పెడితే పన్నెండూ ఒకచోట గుంపుగా వస్తాయి. సెర్చ్ పెట్టెలో మొదటి అక్షరం కొట్టగానే పన్నెండూ దిగుతాయి. ఫోన్ తెరమీద పేరు పొడవైతే చివర కోసేస్తుంది. సంస్థ పేరు, దాని తర్వాత శ్రేణి పేరు, దాని తర్వాత 'సు'... తేడా మొదలయ్యే అక్షరం దాకా తెర సరిపోదు.

ఇలాంటి గందరగోళాన్ని అందరికంటే గట్టిగా పట్టించుకునేది మందుల రంగం. అక్కడ పేరు మారితే ప్రాణానికే ముప్పు. అమెరికాలో కడుపులో ఆమ్లం తగ్గించే లోసెక్ అనే మందును, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ అనే మందుతో పొరబడుతున్నారని 1990లో లోసెక్ పేరును ప్రిలోసెక్‌గా మార్చారు. తీరా ఆ కొత్త పేరు, డిప్రెషన్‌కు ఇచ్చే ప్రోజాక్‌తో కలిసిపోయే జంటల జాబితాకు ఎక్కింది. పాత చిక్కు తీర్చే పేరు కొత్త చిక్కు తెచ్చిపెట్టడం అంత సులువు. ముఖానికి రాసే క్రీమ్‌లో అంత ప్రమాదం లేదు నిజమే. కానీ జిడ్డు చర్మం ఉన్న మనిషి పొడి చర్మానికి చేసిన చిక్కటి క్రీమ్ వారం పాటు రాసుకుని ముఖమంతా మొటిమలు తెచ్చుకుంటే, ఆ మనిషి పేరును తిట్టుకోదు, క్రీమ్‌నే తిట్టుకుంటుంది. మళ్లీ కొనదు.

ఏ తేడాకు పేరు పెట్టాలి

క్లయింట్‌తో మొదటి వాదన పేర్ల మీద కాదు, వాటి సంఖ్య మీద జరిగింది. పన్నెండు ఉత్పత్తులకు పన్నెండు పేర్లు ఉండాలన్నది ఆవిడ పట్టు. "ఒక్కోదాన్ని విడిగా ఎంతో కష్టపడి చేశాం కదా" అన్నారు. ఆ కష్టం నిజమే. కానీ కొనేవాళ్లు పన్నెండు కొత్త మాటలు నేర్చుకోరు.

ఈ శ్రేణిలో తేడాలు రెండు దిక్కుల్లో ఉన్నాయి: చర్మం రకం ఒకటి, ఫేస్ వాష్ నుంచి క్రీమ్ దాకా వాడే దశ ఒకటి. ఈ రెండింటిలో ఒకదానికే ఊహతో కూడిన పేరు పెట్టి, రెండోదాన్ని మామూలు మాటల్లో వదిలేయాలి. రెండింటికీ పేర్లు పెడితే ప్రతి డబ్బా ఒక పొడుపుకథ అవుతుంది. ఇప్పుడున్న పన్నెండు పేర్లలో జరిగింది అదే. 'సువాయు' అంటే టోనరా, క్రీమా, ఎవరికోసమో పేరు ఒక్క ముక్కా చెప్పదు.

ఏ దిక్కుకు పేరు పెట్టాలో తేల్చడానికి మేము మూడు ప్రశ్నలు వేసుకున్నాం. పొరబాటు జరిగితే ఎక్కడ ఎక్కువ నష్టం? చర్మం రకంలో. సీసా ఆకారం చూస్తే ఏది తెలియదు? అదీ చర్మం రకమే. దశ సంగతి పంపు, డ్రాపర్, వెడల్పు డబ్బా చెప్పేస్తాయి. కొనే మనిషి ఏ గీత వెంట నడుస్తుంది? పొడి చర్మం ఉన్నావిడ పొడి చర్మం నాలుగూ కొంటుంది గానీ, మూడు రకాల టోనర్లు కొనదు. అంటే ఆవిడకు ఒక్క పేరు గుర్తుంటే చాలు, మిగతా మూడు ఉత్పత్తులు దానితోనే వచ్చేస్తాయి. మూడు జవాబులూ ఒకే వైపు చూపించాయి. పన్నెండు పేర్లు మూడయ్యాయి. ఫేస్ వాష్, టోనర్, సీరమ్, క్రీమ్ అనేవి అందరికీ తెలిసిన మాటలు కాబట్టి అవి అలాగే ఉంటాయి.

ఒక మాట చెప్పాలి. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు అన్నిసార్లూ ఒకవైపే రావు. లిప్ బామ్ లాంటి వాటిలో రకాల మధ్య తేడా సువాసన, రంగు మాత్రమే. అక్కడ పొరబడితే నష్టమేమీ లేదు, పైగా జనం ఒకేసారి రెండు మూడు రకాలు కొంటారు. అలాంటి చోట ప్రతిదానికీ సరదా పేరు పెట్టినా చెల్లుతుంది.

ఈ పట్టిక గీస్తున్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. పొడి చర్మం ఫేస్ వాష్, సున్నిత చర్మం ఫేస్ వాష్ రెండూ ఒకే ఫార్ములా. వరసలో ఖాళీ కనిపించకూడదని రెండు పేర్లతో పెట్టారు. కాస్మెటిక్స్ లేబుల్ మీద పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది చాలా దేశాల్లో ఉన్న నియమం. ఆర్గానిక్ కొనేవాళ్లు ఆ జాబితా చదివే రకం. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటుంది. ఆ తర్వాత మిగతా తేడాలను కూడా ఎవరూ నమ్మరు. ఇద్దరం దీనిమీద చాలాసేపు మాట్లాడుకున్నాక ఆవిడ ఒప్పుకున్నారు. ఆ ఫేస్ వాష్‌ను సున్నిత చర్మం పేరుతోనే ఉంచి, 'పొడి చర్మానికి కూడా' అని కింద ఒక లైను రాశాం. పన్నెండు పదకొండు అయ్యాయి.

వేప, కలబంద దారి ఎందుకు వద్దనుకున్నాం

పేర్ల సంఖ్య తేలాక క్లయింట్ బృందంలో అందరూ మొదట అన్న మాట: పదార్థం పేరు పెడదాం. పొడి చర్మానికి కలబంద, జిడ్డుకు వేప, సున్నితానికి చామంతి. విడివిడిగా గుర్తుంటాయి, ఆర్గానిక్ అన్న భావమూ వస్తుంది. తోసిపుచ్చాల్సిన ఆలోచన కాదు, అందుకే నిదానంగా పరిశీలించాం.

మొదటి అడ్డంకి ఫార్ములా షీట్లలోనే ఉంది. కలబంద మూడు రకాల్లోనూ ఉంది. జిడ్డు చర్మం టోనర్‌లో పొడి చర్మం టోనర్ కంటే ఎక్కువే ఉంది. ఒకదానికే 'కలబంద' అని పేరు పెడితే మిగతావాటిలో లేదని అర్థం వస్తుంది. రెండోది, పేరులో పదార్థం చెబితే అది సీసాలో ఉండి తీరాలి. ఐరోపా సమాఖ్య 2013లో తెచ్చిన 655/2013 నియంత్రణ ఈ మాట సూటిగానే చెబుతుంది: ఫలానా పదార్థం ఉందని చెప్పుకుంటే, దాన్ని కావాలని కలిపి ఉండాలి. ఈరోజు ఉంది సరే. రేపు ఆ సర్టిఫైడ్ చామంతి పంట దొరక్కపోతే? ఆర్గానిక్ ముడిసరుకులో అది తరచూ జరిగేదే. ఫార్ములా మార్చుకోవచ్చు గానీ పేరు మార్చుకోవడం అంత తేలిక కాదు. చివరిది, 'వేప' అన్న మాటను వేప ఉన్న ఉత్పత్తికి పెడితే అది వర్ణన మాత్రమే అవుతుంది. ట్రేడ్‌మార్క్‌గా దాని మీద హక్కు సంపాదించడం చాలా కష్టం. పక్క కంపెనీ కూడా హాయిగా అదే పేరు పెట్టుకుంటుంది.

'ఆర్గానిక్' అనే మాటను శ్రేణి పేరులోనే కలిపేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దాన్ని మేము గట్టిగా వద్దన్నాం. ఎందుకో తెలియాలంటే సర్టిఫికేషన్ లెక్క తెలియాలి. సహజ, ఆర్గానిక్ కాస్మెటిక్స్‌కు ముద్ర ఇచ్చే కాస్మోస్ ప్రమాణంలో ఆర్గానిక్ ముద్ర రావాలంటే, రసాయనికంగా మార్చకుండా వాడిన వ్యవసాయ పదార్థాల్లో కనీసం 95 శాతం ఆర్గానిక్ అయి ఉండాలి. దానితోపాటు మొత్తం ఉత్పత్తి బరువులో కనీసం 20 శాతం ఆర్గానిక్ ఉండాలి. కడిగేసుకునే వాటికి, టోనర్‌లాంటి నీళ్ల ఉత్పత్తులకు 10 శాతం చాలు. నీళ్లను ఆర్గానిక్‌గా లెక్కించరు. క్రీమ్‌లో నూనెలుంటాయి కాబట్టి ఆ 20 శాతం సులభంగా వస్తుంది. టోనర్ చాలావరకు నీళ్లే. అందులో పూల నీళ్లలాంటివి బాగా కలిపితే తప్ప ఆ 10 శాతం గీత కూడా దాటదు. ఒకే శ్రేణిలో క్రీమ్‌కు ఆర్గానిక్ ముద్ర, టోనర్‌కు నేచురల్ ముద్ర మాత్రమే రావడం మామూలే. శ్రేణి పేరులోనే ఆర్గానిక్ అని ఉంటే ఆ టోనర్‌ను ఏ పేరుతో అమ్ముతారు? ముద్ర వచ్చిన డబ్బా మీద ముద్ర చెప్పాలి. పేరు ఆ భారం మోయకూడదు.

చుట్టరికం ఎక్కడ దాచాలి

మొదట్లో తేడా కావాలి, చివర్లో కూడా తేడా ఉంటే మంచిది. మరి ఒకే కుటుంబమని ఎలా తెలుస్తుంది? ఒకింటి పిల్లలందరికీ ఇంటిపేరు ఒకటే ఉంటుంది, దాంతోపాటు పిలుపు పేర్లు కూడా ఒకే అక్షరంతో మొదలవ్వాల్సిన పనిలేదు. ఇక్కడ ఇంటిపేరు పని సంస్థ పేరు, డబ్బా రూపం చేస్తున్నాయి. పిలుపు పేర్లలో చుట్టరికం అక్షరంలో కాకుండా అర్థంలో, నడకలో పెట్టవచ్చు. మూడూ ఒకే భావంలోంచి పుట్టాలి. మూడింటికీ అక్షరాల సంఖ్య ఒకటే ఉండాలి. మూడూ ఒకే రకం మాటలు కావాలి: అన్నీ అచ్చతెలుగైతే అచ్చతెలుగే, మధ్యలో ఒక సంస్కృత సమాసం దూరితే అది సవతి బిడ్డలా కనిపిస్తుంది.

భావం కోసం వెతికినప్పుడు మంచి వైపు ఒకటి దొరికింది: ఎండన పడి వచ్చినవాళ్లకు హాయినిచ్చేవి. పొడి చర్మానికి తడి కావాలి, జిడ్డు చర్మానికి బరువు లేకుండా ఆరినట్టు ఉండాలి, సున్నిత చర్మానికి కాపు కావాలి. వాన, గాలి, నీడ. మూడూ రెండక్షరాల తెలుగు మాటలు, అర్థం వెంటనే అందుతుంది, మొదటి అక్షరాలు వేరు. బృందమంతా అక్కడికక్కడే ఒప్పేసుకుంది.

మేము మాత్రం సంతకం పెట్టలేదు. సంస్థ సరుకు ఇతర భాషల వాళ్లకు కూడా వెళ్తుంది. హిందీలో గాలీ అంటే తిట్టు. 'ముఖానికి తిట్టు రాసుకోండి' అని ఎవరో ఒక మీమ్ చేస్తే ఇక దాన్ని ఆపేవాళ్లుండరు. నీడను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే `Needa` అవుతుంది. ఇంగ్లిష్ చదివేవాళ్లు దాన్ని 'నీడ్ ఎ' అని విడదీసి చదివారు. పైగా ఇవి మరీ మామూలు మాటలు. 'వాన క్రీమ్' అని సెర్చ్ చేస్తే వానాకాలంలో రాసుకోవాల్సిన క్రీములన్నీ వస్తాయి. భావం బాగుంది, మాటలే మార్చాలి.

అదే భావంలో మూడక్షరాల మాటలు పోగేశాం. చినుకు, తెమ్మెర, వెన్నెల, పందిరి, కొలను, వేకువ, గొడుగు. వీటిని ఒక్కొక్కటిగా చూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. పేర్ల శ్రేణిని ఎప్పుడూ జంటలుగా చూడాలి. అందుకని ఒక పట్టిక గీశాం. అడ్డంగా, నిలువుగా అవే పేర్లు. ప్రతి జంట గడిలో మూడు సంగతులు చూశాం: మొదటి హల్లు కలుస్తోందా, చివరి అక్షరం కలుస్తోందా, అచ్చుల వరస కలుస్తోందా.

ఈ మూడోది చాలామంది చూడరు. తెమ్మెర, వెన్నెల జంటను తీసుకోండి. మొదటి హల్లులు వేరు, మధ్య హల్లులు వేరు, చివరి హల్లులు వేరు. కళ్లకు ఏ పోలికా లేదు. కానీ రెండింట్లోనూ అచ్చులు ఎ-ఎ-అ, మధ్యలో ద్విత్వం కూడా అదే చోట. నోటితో అంటే లయ ఒకటే. ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేనప్పుడు హల్లులు ముందు పోతాయి, అచ్చులు, లయ మిగులుతాయి. మేము ఒక గదిలోంచి ఇంకో గదికి ఫోన్ చేసి, ఫ్యాన్లు తిప్పి, స్పీకర్‌లో ఈ పేర్లు చదివి, అవతలివాళ్లను విన్నది రాయమన్నాం. పరీక్ష అంటే అంతే, ఖర్చు లేదు. వినేవాళ్లకు ముందుగా జాబితా చూపించకూడదు, అదొక్కటే నియమం. జాబితా చూసినవాళ్లు విన్నదాన్ని కాకుండా గుర్తున్నదాన్ని రాస్తారు. తెమ్మెరను వెన్నెల అని రాసినవాళ్లు ఉన్నారు. తిరగబడి వెన్నెలను తెమ్మెర అని రాసినవాళ్లు లేరు, ఎందుకంటే వెన్నెల ఎక్కువ పరిచయమైన మాట, చెవి తనకు తెలిసిన మాటవైపే లాగుతుంది. అంటే ఈ జంటలో నష్టమంతా తెమ్మెరకే. రెంటిలో ఒకటే ఉండాలి.

వెన్నెల అందమైన మాటే గానీ, మా భావంలో అది ఏ చర్మానికి సరిపోతుందో చెప్పలేకపోయాం. తెమ్మెర అలా కాదు, చల్లటి పిల్లగాలి కాబట్టి జిడ్డు చర్మానికి సూటిగా అతుకుతుంది. వెన్నెల పోయింది. చివరికి నిలిచినవి మూడు: పొడి చర్మానికి చినుకు, జిడ్డు చర్మానికి తెమ్మెర, సున్నిత చర్మానికి పందిరి. మొదళ్లు చ, త, ప. చివరలు ఉ, అ, ఇ. అచ్చుల వరసలు ఇ-ఉ-ఉ, ఎ-ఎ-అ, అ-ఇ-ఇ. మూడూ మూడక్షరాలవే, మూడూ తెలుగువే, మూడూ ఎండకు విరుగుడే.

అభ్యంతరాలు

తెమ్మెర అంటే ఏమిటని అడిగినవాళ్లు కొందరున్నారు, ముఖ్యంగా చిన్నవయసువాళ్లు. క్లయింట్ దీనికి కాస్త టెన్షన్ పడ్డారు. నా అభిప్రాయంలో ఇది లోపం కాదు. పేరు చూడగానే పలకగలిగితే, ఒకసారి విన్నాక తిరిగి అనగలిగితే చాలు. అర్థం తర్వాత అడిగి తెలుసుకుంటే ఆ మాట ఇంకా గట్టిగా నిలుస్తుంది. పలకలేని మాటకైతే ఈ అవకాశం లేదు. మొదటి జాబితాలోని 'సుస్నిగ్ధ' దగ్గర జనం ఆగిపోయి వేలితో చూపించేవాళ్లు.

పందిరి అనగానే కొందరికి మల్లెపందిరి, కొందరికి పెళ్లిపందిరి గుర్తొచ్చాయి. రెండూ మాకు నష్టం చేసేవి కావు.

అసలైన చిక్కు చినుకుతో వచ్చింది. డబ్బాలు చూపించకుండా పేర్లు మాత్రమే చెప్పి 'ఇది దేనికి అయి ఉంటుంది' అని అడిగితే, కొందరు చినుకు అంటే సీరమ్ అనుకున్నారు. డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వేసుకునేది సీరమే కదా. అంటే చర్మం రకానికి పెట్టిన పేరు దశ పేరులా వినబడుతోంది. రెండు దిక్కులున్న ప్రతి శ్రేణిలోనూ ఈ పరీక్ష చేయాలి: ఒక దిక్కు పేరు రెండో దిక్కులోకి జారిపోతోందా? మేము చినుకును మార్చలేదు. ఎందుకంటే అదే మనుషులకు 'చినుకు క్రీమ్, తెమ్మెర క్రీమ్, పందిరి క్రీమ్' అని వరసగా చెబితే అనుమానం పోయింది. దీన్నిబట్టి ఒక షరతు మాత్రం పెట్టుకున్నాం: చినుకు అనే మాట ఎక్కడా ఒంటరిగా రాకూడదు. ప్రకటనలో గానీ, పెట్టె మీద గానీ వెంట ఉత్పత్తి మాట ఉండాలి. ఈ షరతు పాటించలేమని వాళ్లు అని ఉంటే కొలను వైపు వెళ్లేవాళ్లం.

లేబుల్ మీద వరస

లేబుల్ మీద అన్నిటికంటే పెద్దగా చినుకు, తెమ్మెర, పందిరి అనే మాటే కనిపించాలని అడిగాం. దాని కిందే, అంతే స్పష్టంగా 'పొడి చర్మానికి క్రీమ్'. సంస్థ పేరు పైన చిన్నగా. సంస్థలు దీనికి సులభంగా ఒప్పుకోవు. తమ పేరే పెద్దగా ఉండాలంటారు. కొత్తగా చూసే మనిషికి అది సబబే. కానీ ఒకే ఇంట్లో వేర్వేరు చర్మాలవాళ్లు అద్దం ముందు నాలుగు సీసాలు పెట్టుకుంటే సంస్థ పేరు నాలుగింటి మీదా ఒకటే, తేడా చెప్పేది రకం పేరే.

ఆన్‌లైన్ పట్టికలో వరస తిరగేయించాం. రకం పేరు ముందు, ఉత్పత్తి మాట తర్వాత, చర్మం రకం ఆపైన, సంస్థ పేరు చివర:

```
Chinuku Cream | Dry Skin | ...
Temmera Serum | Oily Skin | ...
```

తెర ఎక్కడ కోసినా మొదటి రెండు మాటలు మిగులుతాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసి, అందరికీ ఒక కాగితం మీద ఇచ్చాం. తెమ్మెరను ఒకరు ఒక `m`తో, ఇంకొకరు రెండుతో రాస్తే సెర్చ్‌లో సగం సరుకు కనబడదు. గోదాము కోడ్‌లు కూడా పేరులోంచే తీశాం, `CHN-CRM`, `TMR-SER`, `PND-TNR` అని. ప్యాకింగ్ కుర్రాడి మార్కర్‌కు పని తప్పింది. ఒక్కో రకానికి ఒక్కో రంగు ఉంది గానీ, తేడా చెప్పే పని రంగుకు అప్పగించలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా కనిపించనివాళ్లు మగవాళ్లలో తక్కువేమీ కాదు, మసక వెలుతురు బాత్రూంలో మిగతావాళ్ల పరిస్థితీ అదే.

ట్రేడ్‌మార్క్ వెతుకులాట పేర్లు ఖాయమయ్యాక కాదు, ఏడు పేర్లు పట్టికలో ఉన్నప్పుడే మొదలుపెట్టించాం. కాస్మెటిక్స్ అంతర్జాతీయ వర్గీకరణలో 3వ తరగతి కింద వస్తాయి. మందులు 5వ తరగతి. రెండింట్లోనూ చూడమన్నాం, ఎందుకంటే చర్మానికి రాసే మందుల పేర్లు అటువైపు ఉంటాయి, అక్కడ దగ్గరి పేరు ఉన్నా అభ్యంతరం రావచ్చు. చినుకు, తెమ్మెర, పందిరి మూడూ ఉత్పత్తిని నేరుగా వర్ణించవు, ఒక అడుగు ఊహించుకోవాలి. అందువల్ల వేప, కలబంద కంటే వీటికి రక్షణ గట్టిగా దొరికే అవకాశం ఉంది. ఆ పని న్యాయవాది చేతిలో పెట్టాం.

నాలుగో పేరు వచ్చినప్పుడు

శ్రేణి మార్కెట్లోకి వెళ్లేముందే రెండు కొత్త కోరికలు వచ్చాయి. ఒకటి, వయసు మీద పడిన చర్మానికి ఒక రకం. రెండోది, ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్.

వయసు చర్మానికి క్లయింట్ మొదట అనుకున్నది 'చినుకు గోల్డ్'. పొడి చర్మం ఫార్ములాకే కొన్ని పదార్థాలు జోడించారు కాబట్టి అలా అనిపించింది. కానీ గోల్డ్ అనగానే మామూలు చినుకు తక్కువ రకం అయిపోతుంది. ఇంకా ముఖ్యంగా, ఇప్పటిదాకా పేరు చర్మాన్ని చెబుతోంది, ఇక్కడ ఉన్నట్టుండి స్థాయిని చెప్పడం మొదలవుతుంది. పట్టికకు మూడో దిక్కు వచ్చి చేరుతుంది. రేపు 'తెమ్మెర గోల్డ్' ఏదని అడుగుతారు. వేరే చర్మం, వేరే ఫార్ములా కాబట్టి వేరే పేరు ఉండాలి. మిగిలిన వాటిలో వెన్నెల తెమ్మెర వల్ల పనికిరాదు. కొలను, వేకువ రెండూ జంట పట్టిక దాటాయి. వేకువలో 'మళ్లీ మొదలు' అన్న ధ్వని ఉంది, అది వయసు వెనక్కి తీసుకెళ్తామన్న వాగ్దానంలా వినిపించే ప్రమాదం ఉంది. కొలను నిమ్మళంగా ఉంది, ఏ వాగ్దానమూ చేయదు, నిలిచి ఉన్న తడిని చెబుతుంది. కొలను ఖాయం చేశాం.

సన్‌స్క్రీన్‌కు అందరి నోటా వచ్చిన పేరు గొడుగు. భావానికి ఇంతకంటే అతికే మాట ఉండదు, అందుకే దాన్ని వదులుకోవడం వాళ్లకు కష్టమైంది. మేము వద్దనడానికి కారణాలు రెండు. పూర్తిగా అడ్డుకుంటుందన్న అర్థం వచ్చే మాటలను సన్‌స్క్రీన్ల మీద నియంత్రణ సంస్థలు ఒప్పుకోవు. అమెరికా ఎఫ్‌డీఏ 2011 నియమాల్లో 'సన్‌బ్లాక్' అన్న మాటనే లేబుల్ మీద రాయకూడదని తేల్చింది. గొడుగు అంత సూటిగా అనకపోయినా ఆ వైపే చూస్తుంది. రెండో కారణం మా పట్టికలోనే ఉంది. ఆ సన్‌స్క్రీన్ అన్ని చర్మాలకూ ఒకటే. చర్మం రకం చెప్పే పేర్ల పక్కన గొడుగు వచ్చి కూర్చుంటే, అదేదో ఐదో రకం చర్మానిదని అనుకుంటారు, తెమ్మెర వాడే మనిషి అది తనది కాదని పక్కన పెట్టేస్తుంది. కాబట్టి దానికి ఊహతో కూడిన పేరేమీ పెట్టలేదు. డబ్బా మీద సంస్థ పేరు, 'సన్‌స్క్రీన్', ఎస్‌పీఎఫ్ అంకె, 'అన్ని రకాల చర్మాలకు' అని మాత్రమే ఉన్నాయి.